తరచుగా అడిగే ప్రశ్నలు: మా మేనకోడలి మొదటి పే స్లిప్పు, మా బావగారి చిట్టా

మా బావగారికి ఒడిశాలోని పర్లాకిమిడిలో కిరాణా దుకాణం ఉంది. ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, 2024 జూలై 8న హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగానికి చేరింది. ఆమె మొదటి పే స్లిప్పు ఆయన ఫోనుకు వచ్చిన రోజు మొదలుకొని రెండవది వచ్చేవరకు ఆయన అడిగిన ప్రశ్నలనూ, వాటికి దొరికిన జవాబులనూ ఇక్కడ వరుసగా పెట్టాను. నేను ఒక మిల్లులో జీతాల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్నలు నా దగ్గరకు వచ్చాయి. ఆ తరువాత మా వీధిలోనూ, ఏరు దాటితే పాతపట్నంలోనూ, పిల్లలను ఉద్యోగాలకు పంపిన మరికొందరు తల్లిదండ్రులు ఇవే ప్రశ్నలను దాదాపు ఇదే వరుసలో అడిగారు. ఇందులోని నిబంధనలు, రేట్లు అన్నీ 2024 నాటివి.

ఏడాదికి 3,42,000 అని కాగితం ఇచ్చారు. అంటే నెలకు 28,500 రావాలి కదా. బ్యాంకులో 17,298 మాత్రమే పడిందేమిటి?

ఈ ప్రశ్నతోనే బావగారు దుకాణం తెరవకముందే మా ఇంటికి వచ్చారు. "ఇదేటి బావా, పదకొండు వేలు ఎక్కడికి పోయినట్టు?" అని ఫోను నా చేతికిచ్చారు. ఆయన దుకాణంలో ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు. వాళ్లకు నెలకు ఎంత అని మాట ఇస్తారో ఒకటో తారీకున అంతా లెక్కపెట్టి చేతిలో పెడతారు. మధ్యలో ఎవరైనా బాకీ తీసుకుని ఉంటే అది మాత్రమే మినహాయిస్తారు. ఆయన దృష్టిలో జీతం అంటే అదే. అందుకని ఆఫర్ లెటరులోని మొత్తాన్ని పన్నెండుతో భాగించి, వచ్చిన 28,500 అంకెను బంధువులందరికీ చెప్పేశారు.

ఆయన్ను నిజంగా కలవరపెట్టింది కోత కాదు, కోత లెక్కకు అందకపోవడం. స్లిప్పులో కోతల వరుస కింద మూడే పద్దులు ఉన్నాయి: భవిష్య నిధి 1,394, వృత్తి పన్ను 150, కంపెనీ బస్సు 900. మొత్తం 2,444. కానీ ఆయన ఆశించిన దానికీ వచ్చిన దానికీ తేడా 11,202 రూపాయలు. అంటే 8,758 రూపాయలు ఏ వరుసలోనూ కనిపించకుండా మాయమయ్యాయి. నలభై ఏళ్లుగా దుకాణం లెక్కలు రాస్తున్న మనిషికి, కాగితం మీద లేని ఖర్చు కంటే అనుమానాస్పదమైనది మరొకటి ఉండదు. నిజానికి ఆ 8,758 కోతే కాదు. అది జీతంలోకి అసలు రాని డబ్బు. కింది రెండు జవాబులూ దాని గురించే.

కోతల్లో లేని ఆ 8,758లో 5,758 రూపాయలు ఏమయ్యాయి?

అమ్మాయి జూలై 8న చేరింది. జూలైకి 31 రోజులు. ఆమెకు జీతం లెక్కకట్టింది 24 రోజులకే. స్లిప్పు పైభాగంలో, ఉద్యోగి నంబరు పక్కన, చిన్న అక్షరాలతో "జీతం చెల్లించిన రోజులు 24" అన్న గడి ఉంటుంది. బావగారు డబ్బు అంకెలున్న చోటే చూశారు గానీ ఆ గడి వైపు చూడలేదు. మొదటి స్లిప్పు చదవడం ఎప్పుడూ ఆ గడితోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే కింద ఉన్న ప్రతి అంకె దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆమె పూర్తి నెల జీతం ఇలా ఉంటుంది: బేసిక్ 15,000, ఇంటి అద్దె భత్యం 6,000, ప్రత్యేక భత్యం 4,500, మొత్తం 25,500. దీన్నే గ్రాస్ అంటారు. దీన్ని 31తో భాగించి 24తో హెచ్చవేస్తే 19,742 వస్తుంది. విడివిడిగా చూస్తే బేసిక్ 11,613, అద్దె భత్యం 4,645, ప్రత్యేక భత్యం 3,484. పూర్తి నెల గ్రాస్‌కూ దీనికీ తేడా సరిగ్గా 5,758. పనిచేయని ఏడు రోజుల జీతం ఇది.

కొన్ని కంపెనీలు ఏ నెలకైనా 30 రోజులని, మరికొన్ని ఆదివారాలు తీసేసి 26 రోజులని లెక్కకడతాయి. ఏ పద్ధతి పాటించినా ఒక నెల ఒకటి, మరో నెల ఇంకొకటి కాకుండా ఉండాలి. బావగారు కాగితం మీద మూడు గుణకారాలు స్వయంగా చేసుకుని, అవి రూపాయితో సహా సరిపోయాకనే ఈ పద్దును ఒప్పుకున్నారు.

మిగిలిన 3,000 ఎక్కడున్నాయి? పూర్తి నెల జీతం 25,500 అయితే ఆఫర్ లెటరులో 28,500 అని ఎందుకు రాశారు?

ఆఫర్ లెటరులో రాసింది జీతం కాదు. ఆమెను ఉద్యోగంలో పెట్టుకున్నందుకు కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు అది. దాన్ని సీటీసీ అంటారు. ఆఫర్ లెటరు చివరి పేజీలో ఒక పట్టిక ఉంటుంది. ఆ పేజీ తెప్పించండి అని బావగారికి చెప్పాను. అమ్మాయి సాయంత్రం పంపింది. పట్టికలో గ్రాస్ కింద ఒక గీత, ఆ గీత కింద నాలుగు పద్దులు ఉన్నాయి: కంపెనీ తరఫున భవిష్య నిధి 1,800, ఆ నిధికి అనుబంధమైన బీమా, నిర్వహణ ఖర్చులు కలిపి 150, గ్రాట్యుటీ 721, ఆరోగ్య బీమా ప్రీమియం 329. కలిపితే 3,000.

బావగారు ఆ పట్టికను చాలాసేపు చూసి, "మా కుర్రాళ్లకు టీలు తాగించిన డబ్బులు కూడా వాళ్ల జీతంలో రాసుకున్నట్టుంది" అన్నారు. నా అభిప్రాయం కూడా దానికి దగ్గరగానే ఉంది. అయితే ఆ నాలుగింటినీ ఒకే గాటన కట్టకూడదు. కంపెనీ కట్టే 1,800 అమ్మాయి పేరు మీదే జమవుతుంది. అది ఆమెకు నిజమైన లాభమే. ఆరోగ్య బీమా ఆస్పత్రి అవసరం వస్తే పనికొస్తుంది. బీమా, నిర్వహణ ఖర్చులు చిన్నవి. నాకు అభ్యంతరం ఉన్నది గ్రాట్యుటీ దగ్గర మాత్రమే.

గ్రాట్యుటీ 721 నెలనెలా ఆమె పేరు మీద ఎక్కడైనా జమ అవుతుందా?

ఆమె పేరు మీద ఏ ఖాతాలోనూ జమ కాదు. చట్టం ప్రకారం ఒకే యజమాని దగ్గర వరుసగా ఐదేళ్లు పనిచేసి మానేసినవారికి, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలి. నెలకు 26 పనిదినాలుగా తీసుకుని లెక్కకడతారు కాబట్టి, 15,000 బేసిక్ మీద ఏడాదికి 8,654 వస్తుంది. దాన్ని పన్నెండుతో భాగిస్తే 721. ఐదేళ్లు నిండకుండా వేరే ఉద్యోగానికి వెళ్లిపోతే, మరణం, వైకల్యం వంటి సందర్భాల్లో తప్ప, అందులో ఒక్క రూపాయి కూడా రాదు.

ఇరవై రెండేళ్ల పిల్ల మొదటి కంపెనీలోనే ఐదేళ్లు ఉంటుందని కంపెనీ కూడా అనుకోదు. అయినా ఆ మొత్తాన్ని ఏడాది జీతంలో కలిపి చూపించడం చట్టవిరుద్ధం కాకపోవచ్చు గానీ, చదివేవారిని పొరపాటు పడేలా చేస్తుంది. రెండు కంపెనీల ఆఫర్లను పోల్చేటప్పుడు సీటీసీలను పోల్చకుండా గ్రాస్‌లను పోల్చమని ఎవరడిగినా నేను చెప్పేది ఇందుకే.

భవిష్య నిధి కింద 1,394 పట్టుకున్నారు. ఆ డబ్బు పోయినట్టేనా?

పోలేదు. బేసిక్‌లో, కరువు భత్యం ఉంటే దాన్ని కూడా కలిపి, వందకు 12 చొప్పున ఉద్యోగి వాటా పట్టుకుంటారు. ఆ నెల బేసిక్ 11,613 కాబట్టి 1,394 అయింది. పూర్తి నెలకైతే 1,800 పట్టుకుంటారు. ఈ డబ్బు కంపెనీ దగ్గర ఉండదు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యోగుల భవిష్య నిధి సంస్థకు వెళ్లి, ఆమె పేరు మీద యూఏఎన్ అనే పన్నెండు అంకెల నంబరు కింద నిలవ ఉంటుంది. 2023-24 సంవత్సరానికి దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. కంపెనీ మారినా ఆ నంబరు మారదు. కొత్త కంపెనీకి అదే నంబరు ఇచ్చి పాత నిలవను బదిలీ చేయించుకోవాలి.

ఇది విన్న తరువాత బావగారి కోపం కొంత తగ్గింది గానీ నమ్మకం కుదరలేదు. డబ్బు పట్టుకోవడం ఒకటి, కట్టడం మరొకటి అని ఆయన అభిప్రాయం. చీటీపాట వేయించుకునేవాళ్లను చూసినవారెవరికైనా ఆ అభిప్రాయమే ఉంటుంది. ఆ అనుమానం సరైనదే. కొన్ని చిన్న సంస్థలు జీతంలో పట్టుకుని నిధికి కట్టకుండా నెలల తరబడి నాన్చడం నేను చూశాను.

కంపెనీ ఆ డబ్బు కట్టిందో లేదో ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం ఎలా?

భవిష్య నిధి సంస్థ వెబ్‌సైటులో గానీ ఉమంగ్ యాప్‌లో గానీ పాస్‌బుక్ చూడవచ్చు. యూఏఎన్‌ను ఆధార్‌కు అనుసంధానమైన ఫోను నంబరుతో ముందుగా యాక్టివేట్ చేసుకుని ఉండాలి. అదే ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ, నిలవ ఎంతో సందేశం వస్తుంది.

బావగారు జీతం పడిన రెండు మూడు రోజులకే అమ్మాయి చేత పాస్‌బుక్ తెరిపించారు. అందులో ఏమీ లేదు. ఆ రాత్రి ఆయన ఫోనులో కంపెనీ గురించి మాట్లాడిన మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు. అసలు విషయం ఏమిటంటే, జూలై నెల వాటాను కంపెనీ ఆగస్టు 15లోగా కడితే చాలు. కట్టిన తరువాత పాస్‌బుక్‌లో ఎక్కడానికి మరికొన్ని రోజులు పట్టవచ్చు. కాబట్టి ఒక నెల డబ్బు కోసం తరువాతి నెల మూడో వారంలోనో నాలుగో వారంలోనో చూడాలి. అప్పటికీ కనిపించకపోతే జీతాల విభాగానికి ఈమెయిలు రాయాలి. రెండు నెలలు వరుసగా స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేకపోతే అది మరచిపోవడం కాదని అనుకోవాలి. భవిష్య నిధి సంస్థ ఫిర్యాదుల పోర్టల్‌లో ఆ రెండు నెలల స్లిప్పులు జతచేసి ఫిర్యాదు చేయవచ్చు. అందుకే ప్రతి నెల స్లిప్పునూ దించుకుని దాచుకోవాలి. ఉద్యోగం మానేశాక కంపెనీ లాగిన్ పనిచేయదు.

కంపెనీ కూడా సమానంగా వేయాలన్నారు. పాస్‌బుక్‌లో ఆమె వాటా 1,394 ఉంటే కంపెనీ వాటా 427 మాత్రమే ఉందేమిటి?

ఆగస్టు ఆఖరులో పాస్‌బుక్ నిండాక బావగారు అడిగిన ప్రశ్న ఇది. మొత్తం వ్యవహారంలో ఇంతకంటే మంచి ప్రశ్న ఆయన అడగలేదు. ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవారిలో కూడా చాలామందికి దీని జవాబు తెలియదు.

కంపెనీ కట్టింది 1,394 రూపాయలే. కానీ కంపెనీ వాటా నిధికి చేరగానే రెండుగా చీలుతుంది. బేసిక్‌లో 8.33 శాతం ఉద్యోగుల పింఛను పథకానికి వెళ్తుంది, మిగిలిన 3.67 శాతం మాత్రమే ఆమె భవిష్య నిధి ఖాతాలో పడుతుంది. 11,613 మీద 8.33 శాతం అంటే 967. 1,394 లోంచి 967 తీసేస్తే 427. పాస్‌బుక్‌లో మూడవ వరుస ఒకటి ఉంటుంది, దాని తలమీద పెన్షన్ అని రాసి ఉంటుంది. ఆ 967 అక్కడ ఉంది. ఫోను తెర చిన్నది కావడం వల్ల ఆ వరుస కుడిపక్కకు జరిపితే తప్ప కనిపించదు. బావగారు తెరను వేలితో జరిపి, 427, 967 కూడి, 1,394 రాగానే "సరే, చేరింది" అన్నారు.

అయితే ఈ రెండు డబ్బులకూ తేడా ఉంది. ఖాతాలోని 1,394, 427 మీద ఏటా వడ్డీ వస్తుంది, అది ఆమె సొంత నిలవ. పింఛనుకు వెళ్లిన 967 మీద వడ్డీ రాదు, అది ఉమ్మడి నిధిలో కలుస్తుంది. పదేళ్ల సర్వీసు నిండితే 58వ ఏట నుంచి నెలనెలా పింఛను ఇస్తారు. పింఛను జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. ఈ లెక్కలో జీతానికి 15,000 అనే గరిష్ఠ పరిమితి ఉంది. కాబట్టి 35 ఏళ్లు పనిచేసినా 2024 నాటి పరిమితి ప్రకారం ఈ లెక్కన వచ్చేది నెలకు 7,500. పదేళ్లు నిండకముందే ఉద్యోగాలు పూర్తిగా మానేస్తే సర్వీసును బట్టి కొంత మొత్తం వెనక్కి తీసుకోవచ్చు.

7,500 అన్నమాట విని బావగారు ఏమీ అనలేదు. ముప్పై అయిదేళ్ల తరువాత ఆ డబ్బుకు బస్తా బియ్యం వస్తుందో లేదో ఆయనకంటే బాగా అంచనా వేయగలిగినవారు మా ఊళ్లో తక్కువ.

పీఎఫ్ వద్దని రాసిస్తే ఆ డబ్బు చేతికే వస్తుందని పక్కింటివారు చెప్పారు. నిజమేనా?

ఈమె విషయంలో నిజం కాదు. బేసిక్, కరువు భత్యం కలిపి 15,000 వరకు ఉన్నవారు, నిధి వర్తించే సంస్థలో చేరితే, తప్పనిసరిగా సభ్యులవుతారు. ఇంతకుముందు సభ్యత్వం లేకుండా, 15,000 దాటిన జీతంతో మొదటిసారి చేరేవారికి మాత్రమే వద్దనుకునే వీలుంటుంది. అమ్మాయి బేసిక్ సరిగ్గా 15,000. పక్కింటి అబ్బాయి అంతకంటే ఎక్కువ బేసిక్‌తో చేరాడు కాబట్టి అతనికి ఆ దారి దొరికింది.

మనం ఒడిశావాళ్లం. వృత్తి పన్ను తెలంగాణకు ఎందుకు కట్టాలి?

వృత్తి పన్ను ఎక్కడ పనిచేస్తే ఆ రాష్ట్రానికి వెళ్తుంది, ఇల్లు ఎక్కడుందన్నదానితో దానికి సంబంధం లేదు. ఒడిశాలో కూడా ఇటువంటి పన్ను ఉంది; ఇక్కడి బడి పంతుళ్ల జీతాల్లోనూ అది కనిపిస్తుంది. రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం ఒక వ్యక్తి దగ్గర ఏ రాష్ట్రమూ ఏడాదికి 2,500 రూపాయలకు మించి ఈ పన్ను తీసుకోకూడదు.

తెలంగాణలో నెల జీతం 15,000 వరకు పన్ను లేదు. ఆ పైన 20,000 వరకు 150, అది దాటితే 200. జూలైలో ఆమెకు వచ్చిన గ్రాస్ 19,742 కాబట్టి 150 పట్టుకున్నారు. స్లిప్పులోని కోతల్లో తిరిగి రాని పన్ను ఇదొక్కటే. బావగారు దీని గురించి అంతగా పట్టించుకోలేదు. పురపాలక సంఘానికి దుకాణం లైసెన్సు రుసుము కట్టే మనిషి కావడం వల్ల కాబోలు.

ఈఎస్ఐ, ఆదాయపు పన్ను ఎందుకు పట్టుకోలేదు? తరువాత ఒక్కసారిగా అడుగుతారా?

ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్ఐ నెల జీతం 21,000 వరకు ఉన్నవారికే వర్తిస్తుంది. జూలైలో ఆమెకు చేరింది అంతకు తక్కువే అయినా, చూడవలసింది పూర్తి నెల జీతాన్ని, అది 25,500. అందుకే ఆమెకు ఈఎస్ఐ లేదు, దాని బదులు కంపెనీ బీమా ఉంది. ఆదాయపు పన్ను విషయానికొస్తే, కొత్త పన్ను విధానంలో 2024-25 సంవత్సరానికి పన్ను విధించదగిన ఆదాయం ఏడు లక్షల లోపు ఉంటే రిబేటు పోను కట్టవలసినది ఏమీ మిగలదు. ఆమె ఆదాయం అందులో సగం కూడా లేదు.

బస్సు డబ్బులు 900 ఎలా పట్టుకున్నారు? అది కూడా చట్టమేనా?

అది చట్టం కాదు, ఒప్పందం. చేరిన రోజు నింపించుకున్న కాగితాల్లో బస్సు కావాలా అన్నచోట అమ్మాయి టిక్కు పెట్టింది, తరువాత మరచిపోయింది. చట్టం ప్రకారం పట్టుకున్న కోతకూ, ఒప్పుకున్నందువల్ల పట్టుకున్న కోతకూ తేడా స్లిప్పులోనే తెలుస్తుంది. భవిష్య నిధి కోత రోజులను బట్టి తగ్గి 1,800 కాస్తా 1,394 అయింది, వృత్తి పన్ను గ్రాస్‌ను బట్టి మారింది. బస్సు మాత్రం ఏడు రోజులు ఎక్కకపోయినా పూర్తిగా 900 పట్టుకుంది. మొదటి స్లిప్పులో రౌండు అంకెగా ఉన్న ప్రతి కోతనూ "నేను దీనికి ఎక్కడ సంతకం పెట్టాను?" అని అడిగి తెలుసుకోవాలి. ఈ సందర్భంలో హాస్టలు నుంచి ఆఫీసుకు ఆటోకు అయ్యే ఖర్చు ఇంతకంటే ఎక్కువ కాబట్టి బావగారే బస్సు ఉంచుకోమన్నారు.

నిధి రికార్డులో తండ్రి పేరు తప్పుగా పడితే ఏమవుతుంది?

మా సరిహద్దు ఊళ్లలో ఇది తరచుగా జరుగుతుంది. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడిశా బడిలో చదివిన పిల్లల సర్టిఫికెట్లలో ఇక్కడి పద్ధతి ప్రకారం ఇంటిపేరు చివరకు వెళ్తుంది. ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకులో మరో రకంగా ఉంటుంది. హైదరాబాదులో వివరాలు ఎక్కించినవారు బావగారి పేరున్న గడిలో ఇంటిపేరు ఒక్కటే వేసి వదిలేశారు. నామినీ వివరాలు నింపుతూ ప్రొఫైల్ తెరిచినప్పుడు అమ్మాయి ఆ గడిని తండ్రికి చూపించింది.

అమ్మాయి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయి కాబట్టి నెలనెలా జమ ఆగదు. కానీ డబ్బు తీసుకునే రోజున గానీ ఖాతా బదిలీ చేసే రోజున గానీ ఇటువంటి తేడాలే అడ్డుపడతాయి. 2024లో సభ్యుల పోర్టల్‌లో జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ దరఖాస్తు పెడితే, ముందు కంపెనీ ఆమోదించి, తరువాత భవిష్య నిధి కార్యాలయం ఆమోదించాక సవరణ జరిగేది. కంపెనీలో ఉన్నప్పుడే ఈ పని చేయించుకోవడం తేలిక, మానేశాక వాళ్ల ఆమోదం కోసం తిరగాల్సి వస్తుంది.

నామినీగా ఎవరి పేరు రాయాలి?

పెళ్లి కాని అమ్మాయి, తనపై ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు రాయవచ్చు. ఆమె ఫొటో, నామినీ ఆధార్ వివరాలు ఎక్కించి, ఆధార్ ఓటీపీతో సంతకం చేస్తే ఆన్‌లైన్‌లోనే పూర్తవుతుంది. బావగారు తన పేరు వద్దని, "మీ అమ్మ పేరు రాయమ్మా" అని చెప్పారు. ఆమె పెళ్లయిన రోజున ఈ నామినేషన్ చెల్లకుండా పోతుంది, అప్పుడు కొత్తగా రాయాలి. ఈ మాట చెప్పగానే మా అక్క సంభాషణను సంబంధాల వైపు తిప్పింది. ఆ భాగం ఈ పేజీకి అవసరం లేదు.

మొత్తం 11,202లో నిజంగా పోయింది ఎంత?

దీని జవాబు బావగారి ఎర్ర అట్ట చిట్టాలో ఉంది. దుకాణం ఖాతాల వెనుక ఒక ఖాళీ పేజీ తీసుకుని, స్కేలుతో నిలువుగా గీతలు కొట్టి, ఆ 11,202ను ఆయనే పంచారు. మొదటి వరుసకు "పని చేయలేదు" అని పేరు పెట్టి 5,758 వేశారు. రెండవ వరుస "కంపెనీ ఖర్చు", 3,000. దాని పక్కనే చిన్నగా "ఇందులో 1,800 పిల్లదే" అని రాసి, జూలైకి మాత్రం పడింది 1,394 అని కింద గుర్తు పెట్టుకున్నారు. మూడవ వరుస "దాచింది", 1,394. నాలుగవది "వాడుకుంది", బస్సు 900. చివరి వరుస "పోయింది", 150. అడ్డంగా కూడి 11,202 రాసి, దాని కింద రెండు గీతలు కొట్టారు. నా ఉద్యోగంలో ఎన్నో స్లిప్పులు తయారుచేశాను గానీ, వాటిని ఈ విధంగా విడదీసి రాయాలని నాకెప్పుడూ తోచలేదు.

గ్రాట్యుటీ 721 పక్కన ఆయన ప్రశ్నార్థకం పెట్టారు. అది ఐదేళ్ల దాకా అలాగే ఉండవలసిందే.

రెండవ నెల స్లిప్పు వచ్చినప్పుడు ఏం సరిచూసుకోవాలి?

చెల్లించిన రోజులు 31 ఉన్నాయా, బేసిక్ 15,000కు చేరిందా, భవిష్య నిధి అందులో 12 శాతమేనా అన్నవి చూస్తే చాలావరకు సరిపోతుంది. బావగారు ఆగస్టు జీతం పడకముందే చిట్టాలో అంచనా వేశారు: 25,500లో నిధి 1,800, పన్ను 150, బస్సు 900 పోను 22,650. బ్యాంకు సందేశంలో 22,600 అని వచ్చింది. యాభై రూపాయల తేడాకు ఆయన ఈసారి నాకు ఫోను చేయలేదు. పాత స్లిప్పు పక్కన కొత్త స్లిప్పు పెట్టుకుని, వృత్తి పన్ను 200 అయిందని చూసి, గ్రాస్ 20,000 దాటిందని గుర్తుచేసుకుని, చిట్టాలో 150 కొట్టేసి 200 వేశారు. ఆ తరువాత అమ్మాయికే ఫోను చేసి, కంపెనీ వాటా ఆగస్టుకు 550, పింఛనుకు 1,250 పడాలని, సెప్టెంబరు నాలుగో వారంలో పాస్‌బుక్ తెరిచి చూడమని చెప్పారు. తండ్రి పేరు సవరణకు కంపెనీ ఆమోదం వచ్చిందా అని కూడా అడిగారు. ఇంకా రాలేదట, గుర్తుచేస్తూ మరో ఈమెయిలు పెడతానంది.